హుక్కులు కుట్టే గంట

"రాత్రిపూట నేను కుట్టుకుంటే ఊరకే అవుతాది. బయట ఇస్తే జాకెట్టుకు ఇరవై ఐదు రూపాయలు పోతాది. ఎందుకు మే అనవసరంగా?"

మా అక్క ఈ మాట అన్నప్పుడు రాత్రి పదిన్నర అయింది. పలమనేరులో వాళ్ళింటి వసారాలో ట్యూబ్‌లైటు కింద కూర్చుని, నల్ల పట్టు జాకెట్టుకు నల్ల దారంతో హుక్కులు కుడుతోంది. అద్దాలు ముక్కు కొసకు జారాయి. ఆ వారమే కళ్ళ డాక్టరు రాత్రిపూట సన్నని పని తగ్గించమని చెప్పాడు. డాక్టరు మాట కాదనలేదు అక్క. ఆ పని ఇంకొకరికి ఇస్తే డబ్బు పోతుంది, తాను చేస్తే ఏమీ పోదు అన్నది ఆమె లెక్క.

ఆ 'ఊరకే' అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. స్త్రీల కథల్లో ఇంటిపని అనే విషయం మీద ఐదేళ్ళు పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ గురించి నా సిద్ధాంత గ్రంథంలో పేజీలకు పేజీలు రాశాను. ఇల్లు అలకడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం అందులో ఎక్కడా రాయలేదు. చాకిరీ, శ్రమ, అదృశ్యం లాంటి మాటలన్నీ వాడాను కానీ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. పెద్దమ్మ కూతురు నా కళ్ళెదుట తన గంటకు సున్నా రూపాయలు కట్టుకుంటుంటే, సున్నా కాకపోతే మరెంత అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

అక్క పన్నెండేళ్ళుగా బస్టాండుకు ఐదు నిమిషాల నడకలో జాకెట్ల అంగడి నడుపుతోంది. మా ఊరు మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉంది కదా, ఇక్కడి ఆడపిల్లల్ని కోలారుకూ గుడియాత్తానికీ బెంగుళూరుకూ ఇస్తుంటారు. వాళ్ళు పుట్టింటికి వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా జాకెట్లు అక్క దగ్గర కుట్టించుకుని పోతారు. అంగట్లో రెండు మిషన్లు, ఒక పీకో మిషను, సాయానికి ఒక అమ్మాయి. నాకు కాలేజీ సెలవులు కాబట్టి, రెండు వారాలు అంగట్లో కూర్చుని లెక్క రాస్తానన్నాను. అక్క నవ్వి, "డాక్టరమ్మ అంగట్లో గుమాస్తా అయింది" అని ఒక పాత నోటు పుస్తకం ఇచ్చింది.

మొదట డబ్బు లెక్క. వారానికి ఎంత వస్తుందని అడిగితే "తొమ్మిది వేలు" అంది. రాసి చూస్తే అది నిజమే. లైనింగ్ జాకెట్లు ఇరవై, మూడువందల చొప్పున ఆరువేలు. మామూలు జాకెట్లు పది, నూటయాభై చొప్పున పదిహేను వందలు. చీరలకు ఫాల్, పీకో పదిహేను, ఎనభై చొప్పున పన్నెండు వందలు. బిగించడం, వదులు చేయడం లాంటి ఆల్ట్రేషన్లకు ఓ మూడువందలు. అంగడి పొద్దున పదికి తెరిచి రాత్రి ఏడుకు మూస్తుంది, ఆదివారం సెలవు. వారానికి యాభై నాలుగు గంటలు. అంటే గంటకు నూట అరవైకి పైనే. అక్క మొహం వెలిగింది.

కానీ ఆ తొమ్మిది వేలు అక్కవి కావు. అద్దె వారానికి ఎనిమిది వందలు పడుతుంది. సాయం చేసే అమ్మాయికి రెండువేలు. లైనింగు గుడ్డకు పన్నెండు వందలు, ఫాల్ గుడ్డకు మూడువందల డెబ్బై ఐదు, దారం, హుక్కులు, సూదులు, నూనెకు రెండువందల పాతిక, కరెంటుకు నూటయాభై. అక్క ఎప్పుడూ లెక్కపెట్టని ఖర్చు ఇంకొకటి ఉంది, మిషన్ల రిపేరు, అరుగుదల. పోయిన సంవత్సరం మోటారుకు, షటిలుకు అయిన ఖర్చును వారాలకు పంచితే రెండువందల యాభై తేలింది. మొత్తం ఐదువేలు. అక్క చేతికి వచ్చేది నాలుగువేలు.

ఇక గంటలు. "యాభై నాలుగే గదా" అంది. కానీ ఆ లెక్క తలుపులు తెరిచి ఉన్న సమయానికే సరిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా వసారాలో కుట్టే గంటన్నర, ఆరు రోజులకు తొమ్మిది గంటలు. రెండు వారాలకొకసారి ఆదివారంనాడు లైనింగు గుడ్డల కోసం చిత్తూరు పోయిరావడం, వారానికి రెండు గంటల లెక్క. బాకీల కోసం ఫోన్లు ఒక గంట. మొత్తం అరవై ఆరు. నాలుగువేలను అరవై ఆరుతో భాగిస్తే గంటకు అరవై రూపాయల చిల్లర.

నూట అరవై అరవైకి దిగింది. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత సాయం చేసే అమ్మాయి వైపు చూసి, "దానికెంత పడతాది?" అంది. వారానికి రెండువేలు, నలభై ఎనిమిది గంటలు, అంటే గంటకు నలభై రెండు. యజమానురాలికీ పనిమనిషికీ మధ్య తేడా గంటకు పద్ధెనిమిది రూపాయలు. అద్దె బాధ, నష్టభయం, గుడ్డ చెడితే పడే మాటలు, అన్నీ ఆ పద్ధెనిమిది రూపాయల్లోనే ఇమడాలి.

అయితే ఈ అరవై రూపాయలు సగటు. ఏ పని ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో సగటు చెప్పదు. గంటల్ని పనులవారీగా విడదీయాలి. ఇక్కడే జ్ఞాపకాన్ని నమ్మకూడదని నాకు తెలిసింది. హుక్కులకు, చేతి హెమ్మింగుకు కలిపి ఒక జాకెట్టుకు ఎంతసేపు అంటే "పది నిమిషాలు" అని అక్క ఖాయంగా చెప్పింది. గడియారం పెట్టుకుని చూస్తే ముప్ఫై నిమిషాలు. చేయి దానంతటదే కదిలే పనికి కాలం పట్టినట్టే అనిపించదేమో. అరగంటకొకసారి అప్పుడు చేస్తున్న పనేదో నోటు పుస్తకంలో రాస్తూ పోయాను. రెండు వారాల సగటు ఇలా తేలింది. కత్తిరింపుకు పది గంటలు. మిషను కుట్టుకు పదిహేను. హుక్కులు, హెమ్మింగుకు పదిహేను, అందులో తొమ్మిది రాత్రివి, ఆరు అంగట్లోవి. ఫాల్, పీకోకు ఐదు. ఆల్ట్రేషన్లకు ఆరు. కొలతలు, డెలివరీ, వచ్చినవాళ్ళతో మాటలు పన్నెండు. మిగిలిన మూడు గంటలు ముందు చెప్పిన చిత్తూరు ప్రయాణం, ఫోన్లు.

ఆ పన్నెండు గంటల పక్కన నేను 'వృథా?' అని రాశాను. అక్క అది చదివి పెన్సిలు తీసుకుని కొట్టేసింది. "ఆ మాటల్లోనే మే, మెడ ఎంత దిగాల్నో, అత్తగారింట్లో ఏమంటారో, కడుపుతో ఉండాదో లేదో తెలిసేది. అడక్కుండా కత్తిరిస్తే రెండువేల గుడ్డ పాడైతాది" అంది. పైనుంచి చూసేవాళ్ళకు కబుర్లుగా కనిపించేది ఆమెకు కొలత తీసుకోవడంలో భాగం. నేను తప్పు ఒప్పుకున్నాను.

ఫాల్, పీకోను ఆపేద్దామని అక్క చాలా రోజులుగా అనుకుంటోంది, చిల్లర పని అని. లెక్క తిరగబడింది. పన్నెండు వందల్లోంచి ఫాల్ గుడ్డ ఖర్చు తీసేస్తే ఎనిమిది వందల పాతిక, ఐదు గంటలకు. గంటకు నూట అరవై ఐదు. అంగట్లో అంత గిట్టుబాటు పని ఇంకొకటి లేదు. ఆల్ట్రేషన్లు మాత్రం ఆరు గంటలకు మూడువందలు, గంటకు యాభై. ఎందుకంటే సగంమంది దగ్గర అక్క డబ్బే తీసుకోదు. "రెండు కుట్లు, దానికి డబ్బేమి" అని వాళ్ళంటే తలూపుతుంది. ఆ రెండు కుట్లకు ముందు పాతవి విప్పాలి, మళ్ళీ కుట్టి ఇస్త్రీ చేయాలి. తన దగ్గర కుట్టించుకున్న జాకెట్టుకు మొదటిసారి ఊరకే, ఆ తర్వాత ముప్ఫై రూపాయలు, అదీ గురువారం మాత్రమే అని నిర్ణయించుకుంది. పూర్తిగా ఆపితే మనుషులు దూరమవుతారని ఆమె భయం. ఆ భయం నిజమేనని నాకూ అనిపించింది.

ఇక అసలు విషయం, హుక్కులు. నేను చాలా ఉత్సాహంగా లెక్క వేశాను. వారానికి ముప్ఫై జాకెట్ల చేతిపని బయట ఇస్తే జాకెట్టుకు ఇరవై ఐదు చొప్పున ఏడువందల యాభై ఖర్చు. అక్కకు పదిహేను గంటలు మిగులుతాయి. నాలుగువేలు మూడువేల రెండువందల యాభై అవుతుంది, అరవై ఆరు గంటలు యాభై ఒకటవుతాయి. భాగిస్తే గంటకు దాదాపు అరవై నాలుగు. "చూశావా, నీ గంట విలువ పెరిగింది" అన్నాను.

అక్క పుస్తకం వైపు చూసి, "రేటు పెరిగింది సరే. ఏడొందల యాభై ఎక్కడ పోయినాయి మే? అబ్బోడి ఫీజు గంటరేటుతో కడతారా?" అంది.

నాకు నోట మాట రాలేదు. గంట విలువ పెరగడం, ఇంటికి వచ్చే డబ్బు పెరగడం రెండూ ఒకటి కావు. పని వదిలేస్తూ పోతే గంటరేటు కాగితం మీద ఎంతైనా పెరుగుతుంది, ఇంట్లో బియ్యం మాత్రం తగ్గుతాయి. ఒక పని ఇంకొకరికి ఇచ్చే ముందు మిగిలిన ఆ గంటలోకి ఏం వస్తుందో అడగాలి. దానికి సగటు పనికిరాదు, ఇంకొక జాకెట్టు అదనంగా ఒప్పుకుంటే చేతికి ఎంత మిగులుతుందన్నది కావాలి.

అక్కే ఒక చిన్న డైరీ తీసి చూపించింది. సీజనులో 'అయ్యేది లేదు' అని తిప్పి పంపినవాళ్ళ పేర్లు అందులో రాసుకుంటుంది, తర్వాత ఎదురుపడితే మాట్లాడించడానికి. పెళ్ళిళ్ళ రోజుల్లో, జాతర రోజుల్లో, శ్రావణమాసంలో వారానికి ఆరు లైనింగ్ జాకెట్ల దాకా తిప్పి పంపుతోంది. ఒక్కొక్కటి మూడువందలు. లైనింగుకు అరవై, దారం, హుక్కులకు పది పోతే రెండువందల ముప్ఫై. మిషను కుట్టును ఇంటి దగ్గర కుట్టే మనిషికి ఎనభైకి ఇచ్చి, చేతిపని ఇరవై ఐదుకు ఇస్తే, నూట ఇరవై ఐదు మిగులుతుంది. దానికి అక్క పెట్టాల్సిన సమయం కొలతకు, డెలివరీకి ఇరవై నిమిషాలు, కత్తిరింపుకు ఇరవై, తిరిగి వచ్చిన జాకెట్టును తిప్పి చూసుకోవడానికి పది. మొత్తం యాభై నిమిషాలు. అంటే ఆ గంట విలువ నూటయాభై.

ఇంత తేడా ఎందుకంటే, ఆ ఊళ్ళో ఆమెలా కత్తిరించే చేయి ఇంకొకటి లేదు. హుక్కులు చాలామంది కుట్టగలరు, గంటకు యాభైకి. కత్తెర పట్టాల్సిన చేయి సూది పట్టుకుని కూర్చున్న ప్రతి గంటా, సీజనులో, వంద రూపాయలు తక్కువ చేసుకుంటోంది. అయితే సీజనులో మాత్రమే. ఆషాఢంలో తిప్పి పంపేంత గిరాకీ ఉండదు. అప్పుడు మిగిలిన గంటలోకి ఏ జాకెట్టూ రాదు. ఒక గంట విలువ సంవత్సరం పొడుగునా ఒకటే అనుకోవడం నేను చేసిన రెండో తప్పు.

మళ్ళీ లెక్క వేశాం, ఈసారి ఇద్దరం కలిసి. సీజనులో ముప్ఫై జాకెట్ల చేతిపని ఇచ్చినందుకు ఏడువందల యాభై పోతుంది. ఆరు జాకెట్లు అదనంగా ఒప్పుకుంటే ఏడువందల యాభై వస్తుంది. చేతికి అదే నాలుగువేలు. గంటలు మాత్రం పదిహేను తగ్గి ఐదు పెరిగి, యాభై ఆరు. ఒక్క రూపాయి పెరగలేదు, వారానికి పది గంటలు మిగిలాయి. అందులో తొమ్మిది రాత్రివి.

"అంటే నేను నిద్ర కొనుక్కుంటా ఉండా" అంది అక్క.

ఇక్కడితో ఆగి ఉంటే ఇదొక చక్కటి వ్యాపార పాఠం అయ్యేది. కానీ హుక్కులు ఎవరు కుడతారన్న ప్రశ్న మిగిలింది. వీధిలో ఒకామె ఒప్పుకుంది. ఇద్దరు చిన్నపిల్లలు, బయటికి పోయే వీలు లేదు. మొదటి వారం ఆమె దగ్గరా గడియారం పెట్టి చూశాను. జాకెట్టుకు నలభై ఐదు నిమిషాలు పట్టింది. ఇరవై ఐదు రూపాయలకు నలభై ఐదు నిమిషాలంటే గంటకు ముప్ఫై మూడు. పైగా ఆమె కుట్టేది పిల్లలు పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. మా అక్క వసారాలో ఆరిన ట్యూబ్‌లైటు నాలుగిళ్ళ అవతల వెలిగింది. అక్క కొనుక్కున్న నిద్ర ఇంకొక ఆడమనిషిదే.

ఇంట్లో కూర్చుని ముక్కకింత చొప్పున పనిచేసేవాళ్ళనూ మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఆ సంగతి అక్కకు చెబితే, "ఒడంబడిక ఏమో గానీ, నాకు పదిహేను రూపాయలకు కుట్టించుకున్న అంగడామె మొహం ఇప్పటికీ గుర్తుండాది" అంది. పెళ్ళయిన కొత్తలో అక్కా అలాగే కుట్టింది. ముక్క రేటు పెట్టేవాళ్ళు వేగమైన చేతిని చూసి రేటు కడతారు, తమ చేతినే కొలతగా పెట్టుకుంటారు. అలవాటు లేని చేతికి అది కూలి కూడా కాదు. అక్క రేటు ముప్ఫై చేసింది. ముప్ఫై ఆరు జాకెట్లకు ఐదేసి చొప్పున వారానికి నూట ఎనభై ఎక్కువ. మూడువేల ఎనిమిది వందల ఇరవైని యాభై ఆరుతో భాగిస్తే గంటకు అరవై ఎనిమిది. అప్పటికీ పాత అరవై కంటే మేలే. ఆషాఢంలో పూర్తిగా ఆపేయకుండా సగం పని ఇస్తానంది. లెక్క ప్రకారం అది నష్టమే. "మనిషిని ఆషాఢంలో వదిలేస్తే శ్రావణంలో ఎట్లా వస్తాది?" అంది. అందులో దయ ఎంతో, వ్యాపారం ఎంతో నేను విడదీయలేను.

ఒకరోజు సాయంత్రం, అక్కను అడగకుండానే, నేను నోటు పుస్తకంలో ఇంకొక పేజీ మొదలుపెట్టాను. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. నీళ్ళు పట్టడం, దోసెలు, చట్నీ, మూడు క్యారియర్లు, గిన్నెలు, బట్టలు, ముగ్గు, అత్తగారి మందులు. రోజుకు ఆరు గంటలు, ఆదివారంతో కలిపి వారానికి నలభై రెండు. అంగడి గంటలతో కలిపితే నూట ఎనిమిది. నాలుగువేలను నూట ఎనిమిదితో భాగించి ముప్ఫై ఏడు అని రాశాను. సాయం చేసే అమ్మాయి కంటే యజమానురాలికే తక్కువ అని గట్టిగా చదివాను కూడా.

మిషను దగ్గర నుంచి ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, "నాకు ఇంట్లో పని లేదా అక్కా?" అంది.

నిజమే. ఒకరి ఇంటిపని లెక్కలో వేసి, ఇంకొకరిది వేయకుండా పోల్చాను. పైగా అంగడి తెచ్చిన డబ్బును అంగడికి సంబంధం లేని గంటలకు పంచడం కూడా సరికాదు. ఆ నలభై రెండు గంటలు వేరే పేజీలోనే ఉండాలి. కానీ ఆ పేజీ అంటూ ఉండాలి, ఎందుకంటే అంగడి పదికే తెరుచుకోవడానికి కారణం ఆ పేజీలో ఉంది. తొమ్మిదికి టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు ఆ దారిన పోతూ మూసిన షటరు చూసి పోతారు. కొలతలిచ్చేది, గుడ్డలిచ్చేది వాళ్ళే. సీజనులో ఆ గంట నూటయాభై రూపాయల గంట. అక్క ఆ గంటలో గిన్నెలు కడుగుతోంది.

ఇంటిపనికి విలువ కట్టడం కోర్టులకు కొత్త కాదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు కీర్తి కేసులో ఇచ్చిన తీర్పుకు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా కొన్ని పేజీలు జోడించారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని 2019 జాతీయ సర్వే చెప్పిన మాటను ఆయన అందులో ఉదహరించారు. ఆ పనికి విలువ కట్టే పద్ధతులనూ చెప్పారు. ఆమె ఇంట్లో లేకుండా బయట పనిచేసి ఉంటే ఎంత సంపాదించేదన్నది ఒకటి. ఆమె చేసే పనులకు మనిషిని పెట్టుకుంటే ఎంత అవుతుందన్నది ఇంకొకటి. మేం అంగట్లో హుక్కుల గురించి వేసుకున్న రెండు లెక్కలూ అవే. కాకపోతే అది రోడ్డు ప్రమాదంలో చనిపోయినవాళ్ళ పిల్లలకు పరిహారం తేల్చే కేసు. ఆడమనిషి ఇంటిపనికి విలువ కట్టాల్సిన అవసరం కోర్టుకు వచ్చేసరికి ఆ మనిషి లేదు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88 అయ్యాయి. ఆడవాళ్ళకు తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకూ దాదాపు అంతే తగ్గింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క ఆ పేజీ బావ ముందు పెట్టింది. బావ ఎరువుల అంగట్లో గుమాస్తా, లెక్కలు బాగా తెలిసినవాడు. కూడికలన్నీ సరిచూశాడు, తప్పు లేదన్నాడు. "ఇంటిపనికి లెక్కేంది? అది మన పనే గదా" అన్నాడు.

"మన పనే. అందుకే అడగతా ఉండా" అంది అక్క. "పనిమనిషిని పెడితే నెలకు రెండువేలు. మీరూ అబ్బోడూ పొద్దున గిన్నెలు, క్యారియర్లు చూస్తే సున్నా. నేను తొమ్మిదికి అంగడి తెరుస్తా."

నేను అంతవరకు వేసిన లెక్కలన్నిటికంటే ఆ ప్రతిపాదన చౌకైనది, అమలు చేయడానికి అన్నిటికంటే కష్టమైనది. హుక్కులు ఇవ్వడానికి ఇరవై ఐదు రూపాయలు చాలాయి. క్యారియరు ఇవ్వడానికి ఇరవై ఏళ్ళ అలవాటును కదపాలి, అత్తగారి చూపును తట్టుకోవాలి. బావ పన్నెండు రోజులు చేశాడు. పదమూడో రోజు ఎరువుల లోడు వచ్చిందని పొద్దున్నే పోయాడు, ఆ తర్వాత చేసిన రోజు చేశాడు, చేయని రోజు లేదు. ఇంటరు చదివే అబ్బోడు మాత్రం అన్నం, పప్పు నేర్చుకుని, తన క్యారియరు, అమ్మ క్యారియరు తానే కట్టుకుంటున్నాడు. అంగడి ఇప్పుడు వారంలో నాలుగు రోజులు తొమ్మిదికి తెరుచుకుంటోంది.

నా గంట కూడా చూసుకున్నాను. నేను పనిచేసే కాలేజీలో గెస్టు లెక్చరర్లకు పాఠం చెప్పిన గంటకే డబ్బిస్తారు. ఆ పాఠానికి తయారవడానికి రెండు గంటలు పడుతుంది. అంటే చెప్పుకునే రేటులో మూడోవంతే నా రేటు. పాఠం తయారీని ఎవరికీ ఇవ్వలేను, అది నా కత్తిరింపు. కానీ నాలుగేళ్ళుగా తోటివాళ్ళ పరిశోధన వ్యాసాలు 'నీకైతే పది నిమిషాలు' అంటే దిద్దిపెడుతున్నాను. ఒకదానికి గడియారం పెట్టి చూస్తే మూడు గంటల పది నిమిషాలు. నేనూ ఊరకే అనుకుంటున్న హుక్కులే అవి. ఈ నెల వచ్చిన రెండింటికీ వీలుకాదని చెప్పాను. ఒకాయనకు కోపం వచ్చింది.

మొన్న శ్రావణంలో పలమనేరు పోయినప్పుడు రాత్రి పదికి అక్క పడుకుని ఉంది. ఆ నోటు పుస్తకం మిషను పక్కన మేకుకు వేలాడుతోంది. ఇప్పుడు అందులో అక్క చేతిరాతే ఉంది. చివరి పేజీలో వీధిలో ఆమె పేరు ఎదురుగా, జాకెట్టుకు ముప్ఫై ఐదు నిమిషాలు అని రాసి ఉంది. రేటు మాత్రం తగ్గించలేదు.